చీర చూడకుండా చీర గురించి రాయమంటే

బరంపురం

చిట్టీకి పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న మీ అమ్మ రాయగడ నుంచి ఫోన్ చేసి చెప్పింది. ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లకి సరుకుల వివరాలు రాసిపెట్టే పని మొదలుపెట్టావట. మన ఇంట్లో రాతతో డబ్బు సంపాదించిన మొదటిదానివి నువ్వే, అందుకు సంతోషం. కానీ నీకు వచ్చిన మొదటి ఆర్డర్ గురించి విన్నాక నాకు నిద్ర పట్టలేదు. "చీర. 150 మాటలు. ఆకర్షణీయంగా. రేపటికి." ఇంతేనా? ఏ చీర, ఎంత ధర, ఎవరు కొంటారు, ఏమీ చెప్పలేదు. నువ్వేమో "భలే ఈజీ అమ్మా, ఏం రాసినా ఒప్పుకుంటారు" అన్నావట. అదే నా టెన్షన్.

అక్షరదోషాలు చూసుకో, వాక్యాలు చిన్నవిగా రాయి. ఇవి నీకు చెప్పక్కర్లేదు. చెప్పాల్సింది వేరే ఉంది.

నేను ఇక్కడి పెద్ద బజారులో ఒక పట్టుచీరల కొట్లో లెక్కలు రాసేదాన్నని నీకు తెలుసు కదా. పండగలకి కరపత్రాలు వేయించేవాళ్లం. వాటిని ఒక మాస్టారు రాసేవారు, తెలుగులో, ఒడియాలో కూడా. ఆయన చెయ్యి మంచిది. ఒక దసరాకి షాపు యజమాని ఆయనకి కబురు పెట్టాడు, "కొత్త సరుకు దిగింది, ఘనంగా రాయండి" అని. మాస్టారు చీర చూడలేదు, అడగలేదు. కాగితం నిండాలి కదా, అందుకని "అసలైన పట్టు, ఇంట్లో ఉతికినా రంగు చెక్కుచెదరదు" అని రాసేశారు. మోసం చేద్దామని కాదు. పట్టుచీరంటే ఇలాగే ఉంటుందని ఆయన మనసులో ఉన్న మాట రాశారు, అంతే.

ఇచ్ఛాపురం నుంచి ఒకావిడ కూతురి పెళ్లికని పసుపు చీర కొంది, ఎర్ర అంచుది. పెళ్లి మర్నాడు బకెట్లో వేసి ఉతికింది. కరపత్రంలో ఉతకొచ్చని ఉంది మరి. అంచు ఎరుపంతా చీర ఒంటి మీదికి దిగింది. ఆవిడ ఆ చీరనీ, నాలుగు మడతలు పెట్టిన కరపత్రాన్నీ నా బల్ల మీద పెట్టింది. అరవలేదు, ఏడవలేదు. "ఇదేగా మీరు రాసింది?" అంది. యజమాని మాస్టారి మీదికి తోశాడు, మాస్టారు యజమాని మీదికి. చివరికి ఒక ముసలి నేతగాడు కుచ్చులోంచి పోగు లాగి వెలిగించాడు. పట్టు అయితే కాలిన వెంట్రుకల వాసన వచ్చి, బూడిద వేళ్ల మధ్య పొడైపోతుంది. ఇది కరిగి, గట్టి పూసలా ముద్దకట్టింది. పాలిస్టర్! అంటే "అసలైన పట్టు" కూడా అబద్ధమే. డబ్బు వెనక్కిచ్చారు. ఆవిడ మళ్లీ మా కొట్టు గుమ్మం తొక్కలేదు, వాళ్ల వీధివాళ్లూ తొక్కలేదు.

చూడు, ఆ కరపత్రంలో "కళ్లు చెదిరే అందం" అని కూడా ఉంది. దాని గురించి ఎవరూ తగాదాకి రాలేదు. తగాదా వచ్చింది "పట్టు", "ఉతకొచ్చు" అన్న రెండు మాటల దగ్గర. కొన్నవాళ్లు పరీక్షించి చూడగలిగే మాటలవి. వివరాలు తెలియనప్పుడు కలం చప్పున అటే పోతుంది, ఎందుకంటే ఖాళీని నింపడానికి అవే బరువుగా ఉంటాయి. ఇప్పుడైతే చట్టం కూడా ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో సరుకుని తప్పుగా వర్ణించే ప్రకటనని తప్పుదోవ పట్టించే ప్రకటన అంటారు.

అందుకని ముందు అడుగు. ఒక్క వాట్సాప్ మెసేజ్ చాలు: దారం ఏమిటి, జరీ ఏమిటి, మగ్గం చీరా మిల్లు చీరా, పొడవెంత, బ్లౌజ్ ముక్క ఉందా, ఎలా ఉతకాలి, ధర ఎంత, ఎవరికి అమ్ముతున్నారు. చీర మీదున్న లేబుల్ ఫొటో కూడా అడుగు. పట్టు అంటే, అసలు పట్టేనని చెప్పే సిల్క్ మార్క్ చీటీ ఉందా అని అడుగు. "బరంపురం పట్టు" అంటే మరీ జాగ్రత్త. ఆ పేరుకి భౌగోళిక గుర్తింపు ఉంది. మన ఊరి కొట్లో కొన్నంత మాత్రాన సూరత్ చీర బరంపురం పట్టు అయిపోదు.

ధర ఎందుకంటావేమో. ధర చెప్పారంటే సగం సరుకు చెప్పినట్టే. తొమ్మిది వందల చీరని పట్టు అనీ, వెండి జరీ అనీ చెబితే వెంటనే అనుమానించు. అది ఆర్ట్ సిల్క్, అంటే పట్టులా మెరిసే కృత్రిమ దారం అయ్యుంటుంది, జరీ ప్లాస్టిక్‌ది అయ్యుంటుంది. ఆర్ట్ సిల్క్ అని రాస్తే తప్పేం లేదు, కొనేవాళ్లు కొంటారు. ఇక ఎవరు కొంటారో తెలిస్తే ఏది ముందు చెప్పాలో తెలుస్తుంది. రోజూ బడికి కట్టుకెళ్లే టీచరమ్మకి బరువు, ఉతుకు ముందు చెప్పాలి. పెళ్లికి కొనేవాళ్లకి అంచు, కొంగు, జరీ ముందు చెప్పాలి. చీర ఒకటే, మొదటి వాక్యం మారిపోతుంది.

జవాబు రాలేదనుకో. ఫొటో మాత్రం పంపాడనుకో. అప్పుడు కంటికి కనిపించేది రాయి, మిగతాది ఖాళీ వదిలి పంపు. ఫొటోలో ఒక మెరూన్ చీర ఉందనుకో, నేనైతే ఇలా రాస్తాను:

"మెరూన్ రంగు చీర, ఆకుపచ్చ వెడల్పాటి అంచు. కొంగు మీద మామిడిపిందెల వరుసలు, ఒంటి మీద దూరదూరంగా చిన్న బుటాలు. దారం: [ ]. జరీ: [ ]. పొడవు: [ ] మీటర్లు, బ్లౌజ్ ముక్క [ఉంది / లేదు]. ఉతుకు: [ ]. ఫొటోలో వెలుతురుని బట్టి రంగు కొద్దిగా తేడాగా కనిపించవచ్చు."

చూశావా, మామిడిపిందెలు కనిపిస్తాయి కాబట్టి రాశాను. "మెత్తగా ఉంటుంది" అనలేదు, ఫొటోని ముట్టుకోలేం కదా. 150 మాటలు కాలేదంటావు. కాకపోనీ. పైన ఒక మాట రాయి: "ఖాళీలు నింపి పంపితే పూర్తి చేస్తాను, ఎవరికి అమ్ముతున్నారో చెబితే మొదటి వాక్యం మారుస్తాను." ఖాళీలు చూడగానే చాలామంది కొట్టువాళ్లు తామే నింపేస్తారు. పూర్తి పేరా పంపితే చదవకుండానే పెట్టేస్తారు, అదే మన మాస్టారికి జరిగింది.

ఒకడు "ఏదో ఒకటి రాసెయ్ అమ్మా, అందరూ అలానే రాస్తారు" అంటాడు. వాడిని వదిలెయ్. డబ్బు అవసరమే, నాకు తెలుసు, నాన్న షాపు ఈ మధ్య సరిగా నడవట్లేదని మీ అమ్మ చెప్పకపోయినా గొంతులో తెలిసింది. అయినా వదిలెయ్. ఫీజు సగం ముందే తీసుకో, ఖాళీలు నింపాక చేసే మార్పుల్లో మొదటిది ఉచితమను, తర్వాతవాటికి విడిగా అడుగు. సిగ్గుపడకు. నువ్వు అడిగిన ప్రశ్నలూ, వాళ్ల జవాబులూ వాట్సాప్‌లోంచి చెరిపెయ్యకు. రేపు "నువ్వే పట్టు అని రాశావు" అంటే చూపించడానికి ఉండాలి.

వేసవికి రా, పెద్ద బజారు తిప్పి, పట్టుకీ ఆర్ట్ సిల్క్‌కీ తేడా చేత్తో పట్టి చూపిస్తాను. ఈలోగా నీ చీర గురించి జవాబు వస్తే నాకు పంపు. తిండి మానేసి రాత్రుళ్లు ఫోన్ మీద రాయకు, కళ్లు పోతాయి.

నీ పెద్దమ్మ