నేరమని పేరు పెట్టేది ఎవరు?

ప్రశ్న: ఏది నేరమో నిర్ణయించడంలో అధికారానికి, వర్గానికి పాత్ర ఉంటుందని విమర్శనాత్మక, స్త్రీవాద నేరశాస్త్రాలు ఎందుకంటాయి?

విమర్శనాత్మక నేరశాస్త్రం చూపే, బ్రిటిష్ పాలన నాటి ఒక ఉదాహరణ ఇది: ఎద్దులపై ఉప్పు, ధాన్యం మోసి తీరానికీ లోపలి ఊళ్లకూ మధ్య వ్యాపారం చేసిన ఎరుకలవారి బతుకుతెరువును రైళ్లు, ఉప్పుపై ప్రభుత్వ నియంత్రణ దెబ్బతీశాయి. ఆపైన, 1871 నాటి నేరస్థ తెగల చట్టం స్థానంలో 1911లో వచ్చిన కొత్త చట్టం మద్రాసు ప్రెసిడెన్సీకీ వర్తించడంతో, ఏ దొంగతనమూ రుజువు కాకుండానే పుట్టుకను బట్టి వారిని నమోదు చేసి, ‘సంస్కరణ’ పేరుతో స్టువర్టుపురం వంటి సెటిల్‌మెంట్లలో కాపలా మధ్య ఉంచారు. అక్కడి కూలీలు చీరాల పొగాకు కర్మాగారానికి అందారు. ఆ ‘సంస్కరణ’ ఎవరి అవసరమో ఇక్కడే తెలుస్తుంది.

స్త్రీవాదులు ఈ ప్రశ్ననే ఇంట్లోకి తెస్తారు: కలిసి ఉంటున్న, 18 ఏళ్లు నిండిన భార్యపై భర్త బలాత్కారాన్ని భారతీయ న్యాయ సంహిత 63వ సెక్షన్ అత్యాచారంగా లెక్కించదు. ఆమె క్రూరత్వం కింద ఫిర్యాదు చేయవచ్చు గానీ, అప్పుడు నేరం పేరూ శిక్షా రెండూ మారిపోతాయి.