ప్రిఫరెన్స్ డివిడెండుకు టాక్స్ షీల్డ్ లేదు, నిలిపి ఉంచిన లాభం ఉచితంగా రాలేదు

ప్రశ్న: సీఏ ఇంటర్ ఎఫ్‌ఎం పేపరులో భారిత సగటు మూలధన వ్యయం లెక్క వస్తే, పన్ను తగ్గింపు డిబెంచర్లకే చేయాలా, ప్రిఫరెన్స్ షేర్లకు కూడా చేయాలా? కంపెనీ దగ్గరే ఉన్న రిటైన్డ్ ఎర్నింగ్స్‌కు మళ్ళీ వ్యయం ఎందుకు వేస్తారు?

డిబెంచర్లకే చేయాలి. ప్రిఫరెన్స్ షేర్లకు, ఈక్విటీకి, నిలిపి ఉంచిన ఆర్జనలకు కంపెనీ పన్ను రేటును తాకించకూడదు. గైడు పుస్తకాలు ఈ మాటను ఒక సూత్రంగా చెప్పి వదిలేస్తాయి కాబట్టే పరీక్ష గదిలో అది చేజారిపోతుంది. నేను చాలా కాలంగా కామర్స్ విద్యార్థులకు ఈ అధ్యాయం చెబుతున్నాను. సూత్రాల పట్టిక బట్టీ పట్టినవారిలో ఎక్కువమంది ప్రిఫరెన్స్ షేర్ల దగ్గరే తడబడతారని, లాభనష్టాల ఖాతా నాలుగు వరుసలు ముందు రాసుకునేవారు తడబడరని నా గట్టి అభిప్రాయం.

ఒకసారి తరగతిలో ఒక అమ్మాయి లేచి, "సార్, డిబెంచరుకూ స్థిరమైన రేటే, ప్రిఫరెన్స్ షేరుకూ స్థిరమైన రేటే. ఒకదానికి పన్ను తగ్గించి ఇంకొకదానికి తగ్గించకపోవడం అన్యాయం కదా?" అని అడిగింది. ప్రశ్న న్యాయమైనదే కాబట్టి సూత్రం జోలికి వెళ్ళకుండా బోర్డు మీద రెండు కంపెనీలను పక్కపక్కన రాయించాను. రెండింటికీ వడ్డీకి, పన్నుకు ముందు లాభం 10 లక్షలే, పన్ను రేటు 30 శాతమే. మొదటి కంపెనీకి 12 శాతం డిబెంచర్లు 10 లక్షలు ఉన్నాయి, రెండోదానికి 12 శాతం ప్రిఫరెన్స్ షేర్లు 10 లక్షలు ఉన్నాయి. మొదటి కంపెనీ 1,20,000 వడ్డీ తీసేశాక 8,80,000 మీద 2,64,000 పన్ను కట్టింది, వాటాదారులకు 6,16,000 మిగిలింది. రెండో కంపెనీ పూర్తి 10 లక్షల మీద 3,00,000 పన్ను కట్టి, మిగిలిన 7,00,000 నుంచి 1,20,000 ప్రిఫరెన్స్ డివిడెండు ఇచ్చింది, ఈక్విటీ వాటాదారులకు 5,80,000 మిగిలింది. తేడా 36,000. అది 1,20,000 మీద సరిగ్గా 30 శాతం. టాక్స్ షీల్డ్ అంటే ఈ 36,000 రూపాయలే. వడ్డీ పన్ను లెక్కించకముందే ఖర్చుగా పోతుంది, డివిడెండు పన్ను కట్టాక మిగిలిన లాభంలోంచి పంచేది. రేటు స్థిరంగా ఉందా లేదా అన్నదానికి ఇందులో పాత్రే లేదు. ఆ అమ్మాయి తర్వాత నన్ను ఆ ప్రశ్న మళ్ళీ అడగలేదు గానీ, వెనక బెంచీలో ఒక అబ్బాయి "మరి కంపెనీకి నష్టం వస్తే?" అన్నాడు. నష్టం వచ్చిన సంవత్సరంలో కట్టాల్సిన పన్నే ఉండదు కాబట్టి ఆ ఏడాది షీల్డ్ చేతికి రాదు, తర్వాతి సంవత్సరాల లాభాలతో ఆ నష్టాన్ని సర్దుబాటు చేసుకున్నప్పుడే వస్తుంది. పరీక్ష లెక్కల్లో కంపెనీ లాభాల్లోనే ఉందని మౌనంగా అనుకుంటారు.

ఇక లెక్కలోకి వద్దాం. కంపెనీకి ఈక్విటీ మూలధనం 20 లక్షలు (10 రూపాయల షేర్లు 2,00,000), నిలిపి ఉంచిన ఆర్జనలు 10 లక్షలు, 12 శాతం ప్రిఫరెన్స్ షేర్లు 5 లక్షలు, 10 శాతం డిబెంచర్లు 15 లక్షలు ఉన్నాయనుకోండి. షేరు మార్కెట్ ధర 25 రూపాయలు, వచ్చే ఏడాది ఇవ్వబోయే డివిడెండు 3 రూపాయలు, పెరుగుదల 5 శాతం, కొత్తగా షేర్లు జారీ చేస్తే షేరుకు 1 రూపాయి ఖర్చు. 100 రూపాయల ప్రిఫరెన్స్ షేరు మీద నికరంగా 95, 100 రూపాయల డిబెంచరు మీద నికరంగా 96 చేతికి వస్తాయి. రెండూ 10 సంవత్సరాల తర్వాత ముఖవిలువకే విమోచనమవుతాయి. పన్ను 30 శాతం.

```
Ke = 3/(25-1) + 5%              = 17.50%
Kr = 3/25 + 5%                  = 17.00%
Kp = [12 + (100-95)/10] / 97.5  = 12.82%
Kd = [10(1-0.30) + (100-96)/10] / 98 = 7.55%
```

Ke, Kr, Kp, Kd అంటే వరుసగా ఈక్విటీ, నిలిపి ఉంచిన ఆర్జనలు, ప్రిఫరెన్స్ షేర్లు, డిబెంచర్ల వ్యయాలు. ఇక్కడ 97.5, 98 అనేవి నికరంగా వచ్చిన సొమ్ముకు, తిరిగి చెల్లించే సొమ్ముకు మధ్య సగటు. పుస్తక విలువల ప్రకారం భారాలు 0.40, 0.20, 0.10, 0.30. వాటితో గుణించి కూడితే 7.00, 3.40, 1.28, 2.27 కలిసి 13.95 శాతం వస్తుంది. ప్రశ్నలో "ఈ సంవత్సరం ఇచ్చిన డివిడెండు 3 రూపాయలు" అని ఉంటే మాత్రం దాన్ని ముందు 1.05తో గుణించి 3.15 చేసుకోవాలి. "ఇచ్చిన" అని ఉందో, "ఇవ్వబోయే" అని ఉందో రెండుసార్లు చదవండి.

Kd లైనులో 10 రూపాయల వడ్డీకే పన్ను తగ్గించి, 4 రూపాయల డిస్కౌంటుకు తగ్గించలేదని గమనించే ఉంటారు. రెండింటికీ తగ్గించే పుస్తకాలు కూడా ఉన్నాయి. అలా చేస్తే 10.4ను 0.70తో గుణించి 98తో భాగిస్తాం, 7.43 శాతం వస్తుంది, మొత్తం జవాబు 13.91 అవుతుంది. నన్నడిగితే డిస్కౌంటు విషయంలో రెండో పద్ధతికే చట్టం బలం ఎక్కువ. డిబెంచర్ల మీద ఇచ్చిన డిస్కౌంటు రాబడి ఖర్చేననీ, దాన్ని డిబెంచర్ల కాలవ్యవధికి పంచి ఏటా మినహాయించుకోవచ్చనీ మద్రాస్ ఇండస్ట్రియల్ ఇన్వెస్ట్‌మెంట్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు 1997లో తేల్చింది. పరీక్షలో మాత్రం మీ స్టడీ మెటీరియల్ ఏ పద్ధతి పాటిస్తే అది చేసి, ఏది అనుకున్నారో జవాబు కింద ఒక వాక్యం రాయండి. రెండు జవాబుల మధ్య తేడా 0.04 శాతమే, ఆ ఒక్క వాక్యం లేకపోతే మాత్రం దిద్దేవారికి మీరు పొరపాటు చేశారో, పద్ధతి ఎంచుకున్నారో తెలియదు.

నిలిపి ఉంచిన ఆర్జనల సంగతి అసలు ప్రశ్న కంటే ముఖ్యమైనదని నాకు అనిపిస్తుంది. "కంపెనీ దగ్గరే ఉన్న డబ్బు కదా" అని సున్నా వ్యయం వేస్తే పై లెక్కలో జవాబు 10.55 శాతానికి దిగిపోతుంది. ఆ రేటుతో ప్రాజెక్టులను తూచితే 11 శాతం ఇచ్చే నాసిరకం ప్రాజెక్టు కూడా బాగున్నట్టే కనిపిస్తుంది. సొంత పొలం సాగు చేసుకునే రైతు ఎవరికీ కౌలు కట్టడు, కానీ ఆ పొలాన్ని కౌలుకు ఇస్తే వచ్చే సొమ్మును వదులుకుంటున్నాడు. వాటాదారు కూడా తనకు రావలసిన డివిడెండును కంపెనీలోనే వదిలేశాడు కాబట్టి, అదే ప్రమాదం ఉన్న మరో షేరులో పెడితే వచ్చేంత ప్రతిఫలం ఆశిస్తాడు. కొత్త షేర్ల జారీ ఖర్చు ఇక్కడ ఉండదు, అందుకే 17.50కి బదులు 17.00 వచ్చింది. ఆ అర శాతం తేడా మొత్తం ఒక్క రూపాయి జారీ ఖర్చు నుంచి పుట్టినదే.

వాటాదారుల వ్యక్తిగత పన్ను, బ్రోకరేజీ ఇస్తే వాటిని నిలిపి ఉంచిన ఆర్జనల వ్యయం నుంచి తగ్గించే పాత పద్ధతి ఒకటుంది. ప్రశ్నలో ఆ రేట్లు స్పష్టంగా ఇస్తేనే దాన్ని వాడండి. ఇవ్వకపోతే Kr దగ్గర కంపెనీ 30 శాతాన్ని తెచ్చి పెట్టడం శుద్ధ తప్పు, ఎందుకంటే ఆ లాభం మీద కంపెనీ ఇప్పటికే పన్ను కట్టేసింది.

పాత గైడుల గురించి ఇంకొక మాట చెప్పక తప్పదు. వాటిలో ప్రిఫరెన్స్ డివిడెండుకు డివిడెండు పంపిణీ పన్ను కలిపి వ్యయాన్ని పెంచిన లెక్కలు ఇంకా కనిపిస్తాయి. ఆ పన్ను 2020 ఏప్రిల్ 1 నుంచి రద్దయింది, ఇప్పుడు డివిడెండు అందుకున్నవారే పన్ను కడతారు, కాబట్టి కంపెనీ వ్యయంలో దానికి చోటు లేదు. అలాగే తిరిగి చెల్లించనవసరం లేని ప్రిఫరెన్స్ షేర్ల లెక్కలు ఇప్పటికీ అడుగుతారు. 2013 కంపెనీల చట్టం అలాంటి షేర్ల జారీని ఒప్పుకోదు, మౌలిక సదుపాయాల ప్రాజెక్టులను మినహాయిస్తే 20 సంవత్సరాల లోపు విమోచనం చేయాల్సిందే. అయినా ప్రశ్నలో గడువు ఇవ్వకపోతే చేసేదేమీ లేదు, 12ను 95తో భాగించి 12.63 శాతం వేసి ముందుకు సాగాలి. పన్ను రేటు కూడా అంతే. 2019లో వచ్చిన 22 శాతం ఐచ్ఛిక రేటుకు సర్‌ఛార్జి, సెస్సు కలిపితే 25.168 శాతం అవుతుంది, ఆ దారి ఎంచుకున్న కంపెనీకి టాక్స్ షీల్డ్ ఆ మేరకు చిన్నదవుతుంది. ప్రశ్నలో 30 ఇస్తే 30, 25 ఇస్తే 25 వాడాలి.

చివరి చిక్కు మార్కెట్ విలువల భారాలు అడిగినప్పుడు వస్తుంది. షేర్లు 2,00,000, ధర 25, కాబట్టి ఈక్విటీ మార్కెట్ విలువ 50 లక్షలు. ప్రిఫరెన్స్ షేర్లు, డిబెంచర్లు మార్కెట్లో ముఖవిలువకే దొరుకుతున్నాయనుకుంటే 5 లక్షలు, 15 లక్షలు కలిసి మొత్తం 70 లక్షలు. చాలామంది ఈ 50కి నిలిపి ఉంచిన ఆర్జనలు 10 లక్షలను విడిగా కలిపి మొత్తాన్ని 80 చేస్తారు. మార్కెట్ ధరలో కంపెనీ దాచుకున్న లాభం విలువ ఇప్పటికే ఇమిడి ఉంది, దాన్ని రెండోసారి లెక్కపెట్టకూడదు. మన లెక్కలో Ke, Kr వేర్వేరు కాబట్టి ఆ 50 లక్షలనే పుస్తక విలువల నిష్పత్తి 20:10లో 33.33, 16.67 లక్షలుగా విడదీయాలి. జవాబు 14.91 శాతం వస్తుంది. Ke, Kr ఒకటే అయితే విడదీసినా విడదీయకపోయినా జవాబు మారదు. సరిచూసుకోవడానికి, ఈక్విటీ వరుసను, నిలిపి ఉంచిన ఆర్జనల వరుసను కూడితే షేర్ల సంఖ్యను ధరతో గుణించిన మొత్తం రావాలి. రాకపోతే భారాల పట్టిక దగ్గరే ఆగి దిద్దుకోండి, వ్యయాల లెక్క మళ్ళీ చేయనవసరం లేదు.