మధ్యవర్తికి ముందు ఒక తేదీ చెప్పండి, ఆ తరువాతే మెసేజ్ పెట్టండి

ప్రశ్న: మా పిన్ని తనకు తెలిసినవాళ్ల అబ్బాయి నంబరు ఇచ్చి మాట్లాడి చూడమంది. ఇద్దరం బెంగళూరులోనే ఉంటాం. మెసేజ్ పెట్టబోతుంటే పిన్ని పక్కనే కూర్చుని చదువుతున్నట్టు అనిపిస్తోంది. రోజూ ఫోన్ చేసి ఏమైందని అడుగుతోంది. ఆ ఒత్తిడి లేకుండా ఎలా మాట్లాడాలి?

మీరు ముందుగా మాట్లాడవలసింది ఆ అబ్బాయితో కాదు, మీ పిన్నితో. ఈ విషయంలో నాకు ఏ సందేహమూ లేదు. అబ్బాయికి ఎంత అందంగా మెసేజ్ రాయాలన్నది తరువాతి సంగతి. మీరు రాసిన మాట ఎవరి చెవిన పడుతుందో తెలియనంతవరకు మీరు ఏది రాసినా అది పరీక్షలో జవాబులాగే ఉంటుంది.

నెల్లూరులో ఉండే మా మేనత్త నాకు ఒక సంబంధం చెప్పినప్పుడు ఈ సంగతి నాకు బాగా అర్థమైంది. అబ్బాయిది ఒంగోలు, ఉద్యోగం బెంగళూరులో, ఉండేది కెంగేరి దగ్గర. నేను వైట్‌ఫీల్డ్ వైపు ఉంటాను. వాళ్లమ్మ, మా అత్త ఒకప్పుడు ఒకే బడిలో పంతులమ్మలు. అత్త బయోడేటా పంపిన రోజే ఆయనను, నన్ను, తనను కలిపి వాట్సాప్‌లో ఒక గ్రూపు పెట్టి, "ఇక మీరిద్దరూ మాట్లాడుకోండి" అని రాసింది. గ్రూపులో పెట్టిన ప్రతి మాటా ఆవిడ చదువుతున్నప్పుడు ఆయన "నమస్తే అండీ" అనడం, నేను "నమస్తే అండీ" అనడం తప్ప మరేమీ జరగలేదు. మరునాటి నుంచి అత్త ఫోన్లు మొదలయ్యాయి.

ఆవిడ ఎందుకు అన్నిసార్లు అడుగుతోందో తెలుసుకోవాలని ఒక సాయంత్రం నేనే తీరికగా ఫోన్ చేశాను. ఆవిడకు మా సంభాషణ మీద ఆసక్తి పెద్దగా లేదు. వాళ్లమ్మ రోజూ ఫోన్ చేసి "మీ అమ్మాయి ఏమంటోంది" అని అడుగుతున్నారు, ఈవిడ దగ్గర చెప్పడానికి ఏమీ లేదు. "ఆషాఢం వచ్చేలోపు తేలిస్తే శ్రావణంలో ముహూర్తాలు చూసుకోవచ్చు" అని అటువైపు నుంచి వస్తున్న తొందర ఆవిడ మీద పడి, ఆవిడ నుంచి నా మీద పడుతోంది. మధ్యవర్తిగా ఉన్నవారు ఇద్దరికీ మాట ఇచ్చి ఉంటారు. వారికి కావలసింది వివరాలు కాదు, అటువైపు వారు అడిగినప్పుడు చెప్పుకోవడానికి ఒక మాట. ఆ మాట మీరే ముందుగా ఇచ్చేస్తే ఫోన్లు చాలావరకు ఆగిపోతాయి.

అందుకని నేను ఆవిడతో ఇలా చెప్పాను: "అత్తా, నెలాఖరు ఆదివారం సాయంత్రం నేనే నీకు ఫోన్ చేసి, ముందుకు వెళ్తామో లేదో ఒక్క మాట చెప్తాను. అప్పటిదాకా వాళ్లమ్మగారు అడిగితే, పిల్లలు మాట్లాడుకుంటున్నారు, నెలాఖరుకు చెప్తారు అని చెప్పు. మధ్యలో ఏం మాట్లాడుకున్నామని మాత్రం నన్నూ అడగొద్దు, ఆయననూ అడగొద్దు." ఆవిడ కొంచెం నొచ్చుకున్నా ఒప్పుకుంది. ఎందుకంటే "నెలాఖరుకు చెప్తారు" అన్నది వియ్యపురాలు కాబోయే మనిషికి గౌరవంగా చెప్పుకోదగిన జవాబు. "చూస్తాం", "టైం ఇవ్వండి" అన్న మాటలు అలా పనికిరావు, వాటికి గడువు లేదు కాబట్టి మరునాడు మళ్లీ అడుగుతారు. మూడు, నాలుగు వారాలకు మించి గడువు పెట్టకండి. అంతకన్నా ఎక్కువైతే మధ్యవర్తి ఇబ్బందిలో పడతారు, అవతలివారు మరొక సంబంధం చూసుకోవాలా వద్దా అని తేల్చుకోలేక చిక్కుకుంటారు.

ఆ ఫోన్‌లోనే గ్రూపు తీసేయమని కూడా అడిగాను. వాట్సాప్‌లో బ్లూ టిక్కులు ఆపేసుకున్నా గ్రూపుల్లో మాత్రం ఎవరు చదివారో కనపడుతూనే ఉంటుంది, కాబట్టి గ్రూపు ఉన్నంతకాలం ఎవరు ఎప్పుడు చూశారన్న లెక్క నడుస్తూనే ఉంటుంది. "రాత్రి పదకొండింటికి ఆన్‌లైన్‌లో ఉన్నావుగా, మాట్లాడుతున్నారా" అని అడిగే బంధువులు ఉంటే, Settings లో Privacy కింద Last seen and online అన్నచోట My contacts except... ఎంచుకుని వారి పేరు పెట్టి, ఆ కిందే online కు Same as last seen ఎంచుకోవచ్చు. అలా పెడితే వారి వివరం మీకూ కనపడదు, దానివల్ల నష్టమేమీ లేదు.

ఇక అబ్బాయికి పెట్టే మొదటి మెసేజ్. అబ్బాయే ముందు పెట్టాలని, అమ్మాయి ఎదురుచూడాలని మన ఇళ్లల్లో ఇంకా చెబుతూనే ఉన్నారు. నాకు ఆ పద్ధతి మీద గట్టి అభ్యంతరం ఉంది, ఎందుకంటే ఆ ఎదురుచూపుల రోజుల్లోనే మధ్యవర్తి ఫోన్లు రెండింతలవుతాయి. నేనే ముందు రాశాను. హాబీలు, వాతావరణం ఏవీ రాయలేదు, మా ఇద్దరి మధ్య మాట ఎక్కడిదాకా వెళ్తుందో అదే మొదట రాశాను: "నమస్కారమండీ. మా అత్త మీ నంబరు ఇచ్చారు. మనం మాట్లాడుకునేవి ఆవిడకు చెప్పనని, నెలాఖరు ఆదివారం ఔనో కాదో ఒక్క మాట మాత్రం చెబుతానని ముందే అనుకున్నాం. మీకూ ఇది సమ్మతమైతే నిదానంగా మాట్లాడుకుందాం. నేను సాయంత్రం ఏడు దాటాకే ఫోన్ తీరికగా చూస్తాను, జవాబు ఆలస్యమైతే మరోలా అనుకోకండి."

దానికి ఆయన ఇచ్చిన జవాబు చూసి నాకు మనసు తేలికపడింది. నేను ఒత్తిడిలో ఉన్నానని నేననుకుంటుంటే, ఆయన పరిస్థితి అంతకన్నా కష్టంగా ఉంది. గ్రూపులో ఆయన రాసిన ఆ కాస్త కూడా వాళ్లమ్మ చూసి "ఇంకొంచెం మాట్లాడొచ్చుగా" అన్నారట. నేను ప్రతి మాటా అత్తకు చేరవేస్తానేమోనని ఆయన, ఆయన వాళ్లమ్మకు చెబుతారేమోనని నేను, ఇద్దరం జాగ్రత్తపడుతూ కూర్చున్నాం. మీ పిన్ని చెప్పిన అబ్బాయి కూడా సరిగ్గా ఇలాగే కూర్చుని ఉంటాడని నేను గట్టిగా నమ్ముతున్నాను. పొడిపొడి జవాబులు వస్తుంటే ఆసక్తి లేదని అప్పుడే తేల్చేయకండి, ముందు ఈ సంగతి ఆయనతో నేరుగా మాట్లాడి చూడండి.

అయినా మాట బయటికి పోలేదని కాదు. ఒక ఆదివారం అత్త ఫోన్‌లో, "నీకు కొండలెక్కడం ఇష్టమటగా" అంది. ఆ ముక్క నేను ఆయనకు తప్ప ఇంకెవరికీ చెప్పలేదు. ఎక్కడినుంచి పోయిందో తెలుసుకోవడానికి ఇంతకన్నా గుర్తు అక్కరలేదు: మీరు ఒక్కరికే రాసిన విషయం మూడోవారి నోట వినపడితే దారి తెరుచుకున్నట్టే. నేను కోపం తెచ్చుకోకుండా ఆయననే అడిగాను. వాళ్లమ్మ పదేపదే అడిగితే ఏదో ఒకటి చెప్పక తప్పలేదని అన్నారు. అది సహజమే. ఇంట్లో ఏమీ చెప్పకుండా ఉండడం ఎవరివల్లా కాదు. కాబట్టి ఏది చెప్పవచ్చో ఇద్దరం అనుకున్నాం: ఉద్యోగం, తిండి, ఊళ్లు, తిరిగిన చోట్లు చెప్పవచ్చు. డబ్బు, ఇంటి బాధ్యతలు, మున్ముందు ఎక్కడ ఉండాలనుకుంటున్నాం అన్నవి మా ఇద్దరి మధ్యే ఉండాలి.

మరో రోజు అత్త "అబ్బాయికి నువ్వు బాగా నచ్చావట, వాళ్లమ్మతో అన్నాడట" అంది. అదీ ఆయననే అడిగితే ఆ మాట తాను అనలేదని, తనకూ సరిగ్గా ఇదే మాట నా తరఫున చెప్పారని అన్నారు. రెండువైపులా "అటువాళ్లకు ఇష్టమే" అని చెప్పడం మధ్యవర్తులలో పాత అలవాటు, సంబంధం కలవాలన్న తపనతోనే చెబుతారు. కానీ దాన్ని నమ్మి మీరు మెత్తబడితే, ఆయనా నమ్మి మెత్తబడితే, ఎవరూ అనని మాట మీద పెళ్లి కుదిరిపోతుంది. అవతలి మనిషి ఇష్టాయిష్టాలు ఆ మనిషి నోటి నుంచి తప్ప ఇంకెవరి నోటినుంచీ తీసుకోకండి.

"ఒకే ఊరే కదా, ఈ ఆదివారమే కలవండి" అన్న తొందర ఒకటి ఉంటుంది. నెల్లూరులో కూర్చున్నవారికి బెంగళూరు ఒక ఊరు. వైట్‌ఫీల్డ్ నుంచి చల్లఘట్ట దాకా మెట్రో పర్పుల్ లైను 43 కిలోమీటర్లకు పైగా ఉందని, కెంగేరి దాదాపు ఆ చివరే ఉందని వారికి ఎలా తెలుస్తుంది? మాట్లాడుకోవలసినవి కొంత మాట్లాడుకున్న తరువాతే, ఎవరూ ఒకరి వైపుకు పూర్తిగా వెళ్లనవసరం లేకుండా, అదే లైనులో మధ్యనున్న కబ్బన్ పార్కులో కలుద్దామని అనుకున్నాం. కలిసే రోజు ఇంట్లో చెప్పాము, అత్తకు చెప్పలేదు.

ఆ పార్కులోనే మాకు కుదరదని తెలిసింది. ఆయన విదేశంలో ఉద్యోగం కోసం గట్టిగా ప్రయత్నిస్తున్నారు, ఆ సంగతి ఇంట్లో ఇంకా చెప్పలేదు. మా అమ్మ ఒంటరిగా ఉంటుంది, నేను దేశం వదిలి వెళ్లలేను. ఇద్దరం అక్కడే కాదనుకుని, ఇళ్లల్లో ఏ మాట చెప్పాలో కూడా అక్కడే నిర్ణయించుకున్నాం: "మాట్లాడుకున్నాం, మా ఇద్దరికీ కుదరలేదు." అదే సాయంత్రం ఒకే సమయానికి ఆయన వాళ్లమ్మకు, నేను అత్తకు చెప్పాము. ఒకరు ముందు, ఒకరు తరువాత చెబితే ఆ మధ్యలో "వాళ్లే వద్దన్నారట" అన్న మాట పుడుతుంది.

అత్త కారణం చెప్పమని చాలా అడిగింది. నేను చెప్పలేదు. కారణం చెబితే మధ్యవర్తి దాన్ని పరిష్కరించడానికి బయలుదేరతారు. జీతమంటే పెరుగుతుందంటారు, ఊరంటే మారతాడంటారు, ఎత్తంటే ఫోటోలో అలా పడిందంటారు. పైగా మా విషయంలో ఆ కారణం ఆయన ఇంకా ఇంట్లో చెప్పని రహస్యం. నేను నోరు జారి ఉంటే ఆ రాత్రే ఒంగోలులో వాళ్ల ఇంట్లో పెద్ద గొడవ జరిగి ఉండేది.

మీకు పరిచయం చేసింది పిన్ని కాక ఆఫీసు స్నేహితురాలైతే గడువు ఇంకా తక్కువ పెట్టండి, రెండు వారాలు చాలు. ఆవిడ రోజూ భోజనాల దగ్గర కనపడతారు, మీ ముఖం చూసే అడుగుతారు. అప్పటిదాకా మీ ఇద్దరినీ ఒకే విందుకు పిలవవద్దని కూడా ముందే చెప్పాలి.

కాదనుకున్న తరువాత ఒక పని మిగులుతుంది. మన బయోడేటాలలో ఫోటో, జీతం, ఫోన్ నంబరు, తండ్రి పేరు, ఊరు అన్నీ ఉంటాయి, అవి అడగకుండానే ఒక గ్రూపు నుంచి ఇంకో గ్రూపుకు వెళ్లిపోతుంటాయి. దీని మీద నాకు ఎప్పటినుంచో బాధ ఉంది. నేను ఆయన బయోడేటా, ఫోటోలు తీసేసి, తీసేశానని ఆయనకు రాశాను, ఆయనా అలాగే చేసి రాశారు. అత్తకు ఫోన్ చేసి, నాది ఇంకెవరికీ పంపవద్దని, ఎవరైనా అడిగితే ముందు నన్ను అడగమని చెప్పాను.