టేబుల్‌ని గ్రాఫ్‌గా మార్చాలా? ముందు రెండు అణువుల్ని చూడండి

ప్రశ్న: "జీఎన్ఎన్ గురించి ఎక్కడ చదివినా 'నోడ్‌లు పక్క నోడ్‌లకి మెసేజ్‌లు పంపుకుంటాయి' అని రాస్తారు. ఆ మెసేజ్‌లో అసలు ఏముంటుంది? నా డేటా మొత్తం టేబుల్‌లో ఉంది, గ్రాఫ్‌గా మారిస్తే లాభం ఉంటుందా?"

గ్రాఫ్ అంటే నోడ్‌లు, వాటిని కలిపే ఎడ్జ్‌లు, జీఎన్ఎన్ అంటే దానిమీద నడిచే న్యూరల్ నెట్‌వర్క్. మెసేజ్ అంటే పక్క నోడ్ దగ్గరున్న అంకెల వరుస, అంతే. పేరు విని నేనూ మొదట్లో ఇంకేదో ఊహించుకున్నాను. రెండో ప్రశ్నకి నా జవాబు చాలాసార్లు "లాభం ఉండదు" అనే, ఎందుకో నాకు మూడు వారాలు వృథా అయ్యాక తెలిసింది, అది తర్వాత చెప్తాను.

ముందు ఇథనాల్, డైమిథైల్ ఈథర్ తీసుకోండి. రెండింటి ఫార్ములా ఒకటే, C2H6O. కానీ ఇథనాల్ 78 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది, ఈథర్ మైనస్ 24 దగ్గరే మరిగిపోతుంది. మీ టేబుల్‌లో "కార్బన్లు ఎన్ని, హైడ్రోజన్లు ఎన్ని, ఆక్సిజన్లు ఎన్ని" అనే కాలమ్‌లు మాత్రమే ఉంటే ఈ రెండూ అచ్చంగా ఒకే వరుస. ఒకే వరుసకి రెండు వేర్వేరు జవాబులు ఏ మోడల్ ఇవ్వగలదు? తేడా అంతా ఏది దేనికి అతుక్కుని ఉంది అన్నదాంట్లో ఉంది. హైడ్రోజన్లు పక్కన పెడితే ఇథనాల్ కార్బన్-కార్బన్-ఆక్సిజన్, ఈథర్ కార్బన్-ఆక్సిజన్-కార్బన్.

ఇప్పుడు చేత్తోనే ఒక రౌండ్ మెసేజ్ పాసింగ్ చేద్దాం. కార్బన్‌కి (1,0), ఆక్సిజన్‌కి (0,1) ఇచ్చాం అనుకోండి. ప్రతి పరమాణువూ తన పక్కవాళ్ల అంకెల్ని కూడుకుంటుంది. ఇథనాల్‌లో చివరి కార్బన్‌కి పక్కన ఒక కార్బనే ఉంది కాబట్టి (1,0) వస్తుంది, మధ్య కార్బన్‌కి (1,1), ఆక్సిజన్‌కి (1,0). ఈథర్‌లో రెండు కార్బన్లకీ (0,1), మధ్యలో ఉన్న ఆక్సిజన్‌కి (2,0). అణువు మొత్తానికి కూడితే ఇథనాల్‌కి (3,1), ఈథర్‌కి (2,2). టేబుల్‌లో ఒకటిగా ఉన్నవి ఒక్క రౌండ్‌లో విడిపోయాయి.

అసలు నెట్‌వర్క్‌లో దీనికి అదనంగా ఉండేది నేర్చుకునే మ్యాట్రిక్సులు రెండు, ఒకటి సొంత అంకెలకి, ఒకటి వచ్చిన మొత్తానికి. కోడ్ కూడా ఇంతే ఉంటుంది, ఇందులో `h` అంటే నోడ్‌ల అంకెలు, `src`, `dst` అంటే ప్రతి ఎడ్జ్‌లోనూ మెసేజ్ పంపే నోడ్, అందుకునే నోడ్:

```python
msg = h[src]
agg = torch.zeros_like(h).index_add_(0, dst, msg)
h = torch.relu(W_self(h) + W_nbr(agg))
```

ఈ మూడు లైన్లు ఒక లేయర్. రెండోసారి నడిపితే పక్కవాడి పక్కవాడి సంగతి కూడా మీకు చేరుతుంది, ఎందుకంటే పక్కవాడు మొదటి రౌండ్‌లోనే దాన్ని తనలో కలుపుకున్నాడు. అలాగని లేయర్లు పెంచుకుంటూ పోకండి. బాగా కలిసిన గ్రాఫ్‌లో ఆరేడు లేయర్లకే అందరి వెక్టర్లూ ఒకేలా తయారవుతాయి (దీన్ని ఓవర్‌స్మూతింగ్ అంటారు). యాదృచ్ఛికంగా కొన్ని నోడ్ జతలు తీసుకుని వాటి కొసైన్ సిమిలారిటీ లేయర్ లేయర్‌కీ ప్రింట్ చేయండి, 1కి దగ్గరగా పాకుతుంటే అదే జబ్బు.

కూడాలా, సగటు తీయాలా అన్నది చాలామంది లైట్ తీసుకునే విషయం. పై ఉదాహరణలోనే సగటు తీసి చూడండి: ఇథనాల్‌ ఆక్సిజన్‌కి (1,0), ఈథర్ ఆక్సిజన్‌కి కూడా (1,0). పక్కన ఒక కార్బన్ ఉందా రెండున్నాయా అన్నది చెరిగిపోయింది. కానీ మరిగే ఉష్ణోగ్రతలో అంత తేడా తెచ్చేది అదే కదా, ఆక్సిజన్‌కి ఒకవైపే కార్బన్ ఉంటే రెండోవైపు హైడ్రోజన్ ఉన్నట్టు, ఆ హైడ్రోజన్ వల్లే ఇథనాల్ అణువులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. ఇక్కడ కార్బన్ల వైపు నుంచి తేడా ఇంకా తెలుస్తుంది కాబట్టి మోడల్ బతికిపోతుంది, అన్నిసార్లూ అలా కుదరదు. లెక్క ముఖ్యమైన చోట కూడండి. కొన్ని నోడ్‌లకి వేల మంది పక్కవాళ్లుండి మొత్తాలు పేలిపోతుంటే సగటు తీసి, ఎంతమంది పక్కవాళ్లున్నారో ఆ సంఖ్యని విడిగా ఒక ఫీచర్‌గా పెట్టండి.

ఇక నా మూడు వారాల సంగతి. కస్టమర్లు సర్వీసు మానేస్తారా లేదా చెప్పాలి, నలభై దాకా కాలమ్‌లున్న మామూలు టేబుల్. నేను ప్రతి కస్టమర్నీ ఆ కాలమ్‌లలో బాగా పోలిక ఉన్న పదిమందికి కలిపి గ్రాఫ్ అన్నాను. ట్రైనింగ్ బాగానే నడిచింది, స్కోరు మాత్రం టేబుల్ డేటాకి మామూలుగా వాడే ఎక్స్‌జీబూస్ట్‌ని దాటలేదు. విసుగొచ్చి ఎడ్జ్‌లలో `dst` వైపుని మొత్తం షఫుల్ చేసి, అంటే ఎవర్ని ఎవరికి పడితే వాళ్లకి కలిపేసి, మళ్లీ మొదటినుంచి ట్రైన్ చేశాను. స్కోరు దాదాపు కదల్లేదు! పక్కవాళ్ల నుంచి ఆ మోడల్‌కి లాభమేమీ రావడం లేదన్నమాట. ఎందుకు వస్తుంది, ఆ ఎడ్జ్‌లు పుట్టిందే ఆ కాలమ్‌లలోంచి, వాటిలో కొత్తగా చెప్పేదేమీ లేదు.

ఈ షఫుల్ పరీక్ష మీరూ చేయండి, కానీ షఫుల్ చేశాక మళ్లీ ట్రైన్ చేయాలి. ట్రైనింగ్ అయిపోయాక టెస్ట్‌లో మాత్రమే ఎడ్జ్‌లు చెడగొడితే, మోడల్ ఎప్పుడూ చూడని డేటా కాబట్టి స్కోరు అందువల్లే పడిపోవచ్చు, దాన్నిబట్టి ఏమీ తేలదు.

తర్వాత అదే టీమ్‌లో దొంగ ఖాతాలు పట్టే పని వచ్చింది. ఈసారి ఎడ్జ్‌లు వేరే లాగ్‌లోంచి వచ్చాయి, ఏ ఖాతా ఏ ఫోన్ నుంచి లాగిన్ అయింది, ఏ కార్డు వాడింది అని. ఖాతా కాలమ్‌లు ఎంత చూసినా ఈ సంగతి తెలియదు. షఫుల్ చేస్తే స్కోరు ఢమాల్‌మంది, మంచి లక్షణం. అయినా ముందు టేబుల్‌లోనే ఒక కాలమ్ చేర్చి చూశాం: ఇదే ఫోన్ వాడిన వేరే ఖాతాల్లో ఇప్పటికే దొంగవని తేలినవి ఎన్ని? (సొంత లేబుల్ లెక్కలోకి రాకుండా చూసుకోండి, నేను ఒకసారి ఇరుక్కున్నాను, స్కోరు అనుమానం వచ్చేంత బాగుంది.) లాభంలో ఎక్కువ భాగం ఆ ఒక్క కాలమ్‌తోనే వచ్చేసింది. జీఎన్ఎన్ దానిమీద సంపాదించింది ఫోన్ ద్వారా ఒక ఖాతా, ఆ ఖాతా కార్డు ద్వారా ఇంకో ఖాతా అనే పొడుగు గొలుసుల్లో, అలాంటివి చేత్తో కాలమ్‌లుగా రాయాలంటే ప్రాణం పోతుంది. కాబట్టి మీ డేటాలో సంబంధాలు కాలమ్‌ల బయటనుంచి వచ్చి, ఒక అడుగు కంటే దూరం కూడా లెక్కలోకి వస్తుంటే గ్రాఫ్ చేయండి. వరుసలు ఒకదానితో ఒకటి సంబంధం లేనివైతే టేబుల్ దగ్గరే ఉండండి.

అణువుల్లాంటి నిజమైన గ్రాఫ్ ఉన్నా మెసేజ్ పాసింగ్‌కి కనబడనివి ఉంటాయి. డెకాలిన్, బైసైక్లోపెంటైల్ రెండూ C10H18. మొదటిది ఒక అంచు పంచుకున్న రెండు షడ్భుజాలు, రెండోది ఒక బంధంతో కలిసిన రెండు పంచభుజాలు. రెండింట్లోనూ మూడేసి కార్బన్లతో కలిసినవి రెండే, ఆ రెండూ పక్కపక్కనే, మిగతా ఎనిమిదీ రెండేసి కార్బన్లతో కలిసినవి. ఏ కార్బన్ దగ్గర నిలబడి ఎన్ని అడుగులు చూసినా రెండు అణువుల్లోనూ ఒకే దృశ్యం, ఎందుకంటే గొలుసు తిరిగి తన దగ్గరికే వచ్చిందా, పక్క కార్బన్ దగ్గరికి చేరిందా అన్నది మెసేజ్‌లో రాసి ఉండదు. ఎన్ని లేయర్లు వేసినా, కూడినా సగటు తీసినా ఇంతే. నేను ప్రతి పరమాణువుకీ "ఎంత సైజు రింగులో ఉంది" అని ఒక ఫీచర్ చేర్చాను, 6 ఒకచోట, 5 ఇంకోచోట, మొదటి రౌండ్‌కి ముందే విడిపోయాయి.