అడ్రినలిన్ ఒకచోట బిగిస్తుంది, ఇంకోచోట వదులు చేస్తుంది: అదెలా?

ప్రశ్న: అడ్రినలిన్ ఊపిరితిత్తుల గొట్టాలను వదులు చేస్తుంది, రక్తనాళాలను బిగిస్తుంది అని చదివాను. రెండింటిలో ఉన్నదీ స్మూత్ మజిలే కదా! మరి ఒకే హార్మోన్ రెండు రకాలుగా ఎలా పనిచేస్తుంది? ఇందులో సైక్లిక్ ఏఎంపీ, కాల్షియం ఎక్కడ వస్తాయి?

జవాబు: నేను నర్సింగ్ పిల్లలకు ఫార్మకాలజీ చెబుతాను. ఏటా ఎవరో ఒకరు ఈ ప్రశ్న అడుగుతారు. తేడా హార్మోన్‌లో లేదండీ, అది అతుక్కునే రిసెప్టర్‌లో ఉంది. అడ్రినలిన్ కణం లోపలికి వెళ్లదు. పైపొర మీది రిసెప్టర్‌కు తగిలి ఆగిపోతుంది. రిసెప్టర్ నుంచి కబురు అందుకుని లోపలికి చేరవేసేవి జీ ప్రోటీన్లు. లోపల జరిగేదంతా ఆ రిసెప్టర్ ఏ జీ ప్రోటీన్‌ను కదిలిస్తుందనే దాన్నిబట్టి ఉంటుంది.

ముందు రక్తనాళం సంగతి. అక్కడ ఎక్కువగా ఉండేది ఆల్ఫా-1 రిసెప్టర్. అది జీక్యూ అనే ప్రోటీన్‌ను లేపుతుంది, జీక్యూ ఫాస్ఫోలైపేజ్-సి అనే ఎంజైమ్‌ను లేపుతుంది. ఆ ఎంజైమ్ పైపొరలోని ఒక కొవ్వు పదార్థాన్ని రెండు ముక్కలు చేస్తుంది. అందులో ఒక ముక్క ఐపీ3. ఇది లోపలికి వెళ్లి, కణం దాచుకున్న కాల్షియం బయటికొచ్చే దారి తెరుస్తుంది. మామూలుగా కణద్రవంలో కాల్షియం బయటి ద్రవంలో కన్నా దాదాపు పదివేల రెట్లు తక్కువ. అందుకే కొంచెం వదిలినా కణానికి వెంటనే తెలుస్తుంది. ఆ కాల్షియం కాల్మోడ్యులిన్‌తో కలిసి మయోసిన్ లైట్ చైన్ కైనేజ్‌ను పనిలో పెడుతుంది. ఆ కైనేజ్ మయోసిన్‌కు ఫాస్ఫేట్ తగిలిస్తుంది, కండరం ముడుచుకుంటుంది. ఇది కంటితో చూడాలంటే పన్ను తీయించుకున్నప్పుడు అద్దం అడగండి. నాకిచ్చిన మత్తు సూదిలో 80,000 వంతులకు ఒక వంతు అడ్రినలిన్ ఉంది. కాసేపటికే సూది దిగిన చోట చిగురు సున్నం పూసినట్టు తెల్లబడింది.

గాలి గొట్టాల కండరాల్లో పని చేసేది బీటా-2 రిసెప్టర్. ఇది జీఎస్ ప్రోటీన్‌ను కదిలిస్తుంది. జీఎస్ తాను పట్టుకున్న జీడీపీని వదిలి జీటీపీని అందుకుని, అడెనైలిల్ సైక్లేజ్‌ను తట్టి లేపుతుంది. ఆ ఎంజైమ్ ఏటీపీ నుంచి సైక్లిక్ ఏఎంపీ తయారుచేస్తుంది. (ఏటీపీని కనుగొన్నవారిలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారొకరు. క్లాసులో ఈ మాట చెప్పకుండా ముందుకు వెళ్లను.) సైక్లిక్ ఏఎంపీ ప్రోటీన్ కైనేజ్-ఎ ను లేపుతుంది. అది కణద్రవంలో కాల్షియం తగ్గేలా చేస్తుంది, ఇందాకటి మయోసిన్ లైట్ చైన్ కైనేజ్ జోరునూ తగ్గిస్తుంది. అంటే రెండు దారులూ చివరికి ఒకే ఎంజైమ్ దగ్గరకొస్తున్నాయి. ఒకటి దాన్ని ఎగదోస్తుంది, ఇంకొకటి వెనక్కి లాగుతుంది.

ఇది చూసి "సైక్లిక్ ఏఎంపీ అంటే వదులు, కాల్షియం అంటే బిగింపు" అని బట్టీ పట్టొద్దు. గుండె కండరంలో అదే సైక్లిక్ ఏఎంపీ కాల్షియం చానెళ్లను ఇంకా ఎక్కువ తెరిపిస్తుంది, గుండె గట్టిగా కొట్టుకుంటుంది. కబురు ఒకటే అయినా, అది అందుకునే కణంలో ఏ ప్రోటీన్లు ఉన్నాయో వాటిని బట్టే ఫలితం.

వార్డులో ఇదంతా ఒకేసారి కనిపించేది అనాఫిలాక్సిస్ అనే ప్రాణాంతకమైన అలర్జీలో. ఇంజెక్షన్ పడక ఒళ్లంతా దద్దుర్లు, బీపీ పడిపోవడం, పిల్లికూతలు. పెద్దవాళ్లకు 0.5 మిల్లీగ్రాముల అడ్రినలిన్ తొడ కండరంలో ఇస్తారు. ఆల్ఫా-1 దారిలో రక్తనాళాలు బిగిసి బీపీ లేస్తుంది, బీటా-2 దారిలో గొట్టాలు తెరుచుకుంటాయి. "పిల్లికూతలకు సాల్బుటమాల్ నెబులైజేషన్ పెడితే చాలదా?" అని పిల్లలు అడుగుతుంటారు. చాలదు. దానికి బీటా-2 మీదే పట్టు. పడిపోతున్న బీపీని అది నిలబెట్టలేదు.

బీపీకో గుండెకో బీటా బ్లాకర్ మాత్రలు వేసుకునే మనిషికి ఇలా జరిగితే చిక్కు. బీటా రిసెప్టర్లను ఆ మందు ఆక్రమించి ఉంటుంది కాబట్టి అడ్రినలిన్ ఇచ్చినా గుండె సరిగా అందుకోకపోవచ్చు. అప్పుడు డాక్టర్లు గ్లూకగాన్ కూడా ఇస్తారు. షుగర్ పడిపోయినప్పుడు ఇచ్చే హార్మోన్ ఇక్కడెందుకని అనిపిస్తుంది. గ్లూకగాన్ రిసెప్టర్ వేరు, దాన్ని బీటా బ్లాకర్ అడ్డుకోలేదు. కానీ అది కదిలించేదీ జీఎస్‌నే. కాబట్టి మూసి ఉన్న బీటా రిసెప్టర్‌తో పని లేకుండానే గుండె కణంలో సైక్లిక్ ఏఎంపీ పెరుగుతుంది. వాంతులు అవుతాయి, అందుకని నెమ్మదిగా ఎక్కిస్తారు, రోగిని పక్కకు తిప్పి పడుకోబెడతారు.