రెస్ జ్యుడికేటానా, ఎస్టాపెలా? ఎలా గుర్తుపట్టాలి

ప్రశ్న: "రెండూ మనిషి నోరు కట్టేసేవే కదా. ప్రాబ్లం క్వశ్చన్‌లో ఏది రాయాలో తెలియక టెన్షన్ వస్తోంది. తేడా ఎలా పట్టుకోవాలి?"

అతన్ని ఆపుతున్నది కోర్టు తీర్పా, లేక అతని మాటేనా? మా ఆఫీసులో కొత్త జూనియర్లను నేను ముందు అడిగేది ఇదే.

రాజు ఒక స్థలం తనదని సుధ మీద దావా వేశాడు. కోర్టు విచారించి స్థలం సుధదేనని తేల్చింది. అప్పీలు గడువూ దాటిపోయింది. ఇప్పుడు రాజు తాత రాసిన వీలునామా చూపించి మళ్లీ దావా వేశాడు. ఆ వీలునామా మొదటి దావా నాటికే అతని చేతిలో ఉంది. అప్పుడే ఎత్తాల్సిన వాదన ఎత్తకపోయినా, ఎత్తి ఓడిపోయినట్టే లెక్క. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 11లో నాలుగో వివరణ చెప్పేది ఇదే. కాబట్టి ఇది రెస్ జ్యుడికేటా.

ఇప్పుడు అసలు దావాలే లేవనుకోండి. గోపి ఆ స్థలం కొనబోతూ అడిగితే, "అది సుధదే, నిశ్చింతగా కొనుక్కో" అన్నాడు రాజు. ఆ మాట నమ్మి గోపి డబ్బు కట్టి రిజిస్ట్రేషన్ చేయించుకున్నాడు. తర్వాత రాజు ఆ స్థలం తనదంటే కుదరదు. ఇది ఎస్టాపెల్. పాత ఎవిడెన్స్ యాక్ట్‌లో సెక్షన్ 115, 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియంలో సెక్షన్ 121.

రుజువు చేసే తీరు కూడా వేరు. ఎస్టాపెల్‌కి ఆ మాట అన్నాడని, నమ్మి నష్టపోయే పని చేశామని సాక్ష్యం కావాలి. రెస్ జ్యుడికేటాకి పాత కేసు కాగితాలు కావాలి. ఒక్క డిక్రీ కాపీ పెట్టి ఊరుకునేవాళ్లను చాలామందిని చూశాను. ఏ ఇష్యూ మీద పోరాడారో డిక్రీలో కనపడదు. ప్లెయింట్, రిటన్ స్టేట్‌మెంట్, జడ్జిమెంట్ల సర్టిఫైడ్ కాపీలు కూడా దాఖలు చేయాలి.

ఇక ఇవి మీరే ప్రయత్నించండి. జవాబు చూసేముందు కాసేపు ఆలోచించండి.

వాయిదాకి సుధ వచ్చింది, రాజు రాలేదు, దావా కొట్టేశారు. రాజు మళ్లీ దావా వేస్తే? విని తేల్చలేదు కనుక రెస్ జ్యుడికేటా కాదు. అయినా ఆర్డర్ 9 రూల్ 9 కింద అదే కారణంతో కొత్త దావా కుదరదు. పాత దావానే పునరుద్ధరించమని అడగాలి. ఇద్దరూ రాకపోయి ఉంటే మాత్రం, లిమిటేషన్‌కి లోబడి, కొత్త దావా వేయొచ్చు.

స్థలం రాజుదేనని గోపికి ముందే తెలుసు. అయినా రాజు మాట పట్టుకుని ఎస్టాపెల్ అంటున్నాడు. నిలుస్తుందా? నిలవదు. నిజం తెలిసినవాడు ఆ మాటకు మోసపోలేదు కదా. 1903లో మొహోరీ బీబీ కేసులో ప్రివీ కౌన్సిల్ చెప్పింది ఇదే.

ఓడిపోయిన రాజు తన హక్కును వెంకట్‌కి అమ్మాడు. వెంకట్ కొత్తగా దావా వేశాడు. పేరు మారినా అతని హక్కు వచ్చింది రాజు ద్వారానే కాబట్టి, రెస్ జ్యుడికేటా అడ్డు వస్తుంది. మొదటి దావా వేయకముందే కొని ఉండి, అందులో పార్టీగా లేకపోతే మాత్రం ఆ తీర్పు వెంకట్‌ని కట్టదు. అందుకే ఇలాంటి ప్రశ్నలో ముందుగా సేల్ డీడ్ తేదీ చూడండి.