అడ్వాన్స్ మీద ఒకసారి, ఫైనల్ బిల్లు మీద ఇంకోసారి టీడీఎస్

ప్రశ్న: గంటల లెక్కన ఫ్రీలాన్స్ పని చేశాను. మధ్యలో రేటు పెరిగింది, అడ్వాన్స్ ముందే తీసుకున్నాను. ఇన్‌వాయిస్ పెడితే నేననుకున్న దానికన్నా తక్కువ పడింది, టీడీఎస్ అంటున్నారు. ఎక్కడ తేడా వచ్చుంటుంది?

నూటికి తొంభై పాళ్ళు ఆ అడ్వాన్స్ దగ్గరే వచ్చుంటుందండీ, నాకూ అక్కడే వచ్చింది.

మాది పాలకొల్లు. 2025లో భీమవరంలో రొయ్యల మేత అమ్మే ఒక కంపెనీకి డీలర్ల బాకీల లెక్క చూసుకునే ప్రోగ్రాం రాసిచ్చాను. గంటకి 500 అనుకున్నాం. జూన్‌లో 20,000 అడ్వాన్స్ అన్నారు, అందులో పది శాతం టీడీఎస్ 2,000 పట్టుకుని 18,000 వేశారు. టీడీఎస్ అంటే డబ్బిచ్చేవాళ్ళే ముందుగా కోసుకుని మన పేరు మీద గవర్నమెంటుకి కట్టే ఆదాయపన్ను. అడ్వాన్స్‌కి కూడా టీడీఎస్ ఏంటని అప్పుడు నేనూ గింజుకున్నాను కానీ అది కరెక్టేనంట. డబ్బిచ్చినప్పుడైనా, పుస్తకంలో జమ రాసినప్పుడైనా, ఏది ముందైతే అప్పుడు కట్ చెయ్యాలి. 2025 ఏప్రిల్ నుంచి ఏడాదికి 50,000 దాటితేనే కోత, కానీ దాటుతుందని ముందే తెలిస్తే మొదటి రూపాయి నుంచీ కోసేస్తారు.

70 గంటలయ్యాక పని పెరిగింది, గంటకి 650 అడిగితే ఓనరు గారు వాట్సాప్‌లో "సరే అండి" అన్నారు. మొత్తం 120 గంటలు తేలింది. మా బావ ఏమన్నాడంటే, రొయ్య పట్టిన రోజు రేటే కదరా మొత్తం సరుక్కి, నువ్వూ అన్ని గంటలకీ 650 వేసెయ్ అని. ఆయనకి చెరువులున్నాయి లెండి, లోకమంతా కిలోకి ఎన్ని రొయ్యలనే కౌంటు లెక్కల్లోనే కనపడుద్ది. పాత గంటలు పాత రేటుకి ఒప్పుకుని చేసినవి, వాటిని మార్చకూడదు. అందుకే రెండు లైన్లుగా వేశాను, 70 గంటలు 500 చొప్పున 35,000, 50 గంటలు 650 చొప్పున 32,500, మొత్తం 67,500. ఆ "సరే అండి" స్క్రీన్‌షాట్ కూడా పెట్టాను కాబట్టి రేటు మీద ఎవరూ నోరెత్తలేదు.

సెప్టెంబర్ 30న బిల్లు పెడితే రెండ్రోజుల్లో 40,750 పడింది. నా లెక్కకి 42,750 రావాలి. సరిగ్గా 2,000 తక్కువ. చూసిన వెంటనే అర్థమైపోయింది, వాళ్ళ అకౌంటెంట్ గారు 67,500లోంచి 20,000 తీసేసి 47,500 చేశారు, అక్కడిదాకా బానే ఉంది, కానీ టీడీఎస్ మాత్రం మొత్తం 67,500 మీద లెక్కేసి 6,750 పట్టేశారు. అడ్వాన్స్ మీద జూన్‌లోనే కోసేశారు కాబట్టి ఇప్పుడు 47,500 మీదే, అంటే 4,750 కొయ్యాలి.

తప్పు నాదీ ఉందండీ. ఇన్‌వాయిస్‌లో "అడ్వాన్స్ 20,000" అని ఊరుకున్నాను. "చేతికొచ్చింది 18,000, టీడీఎస్ 2,000, జూన్‌లో" అని రాసుంటే ఆయనకీ గుర్తొచ్చేది. కొంతమంది దీన్ని ఇంకా చెడగొడతారు, చేతికొచ్చిన 18,000నే అడ్వాన్స్‌గా తీసేసి బిల్లేస్తారు, అప్పుడు ఆ 2,000 రెండోసారి అడిగినట్టే.

ఫోన్ చేస్తే ఆయన తాపీగా "రిటర్న్ వేస్తే వచ్చేస్తుంది కదండీ" అన్నారు. ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండిపోద్ది. నా పాన్ మీద వాళ్ళు గవర్నమెంటుకి కడితేనే కదా వచ్చేది! కట్టినా వచ్చే ఏడాది రిటర్న్ వేసేదాకా ఆగాలి. ఇంట్లో కూర్చుని ల్యాప్‌టాప్ నొక్కేవాడికి తొందరేముందిలే అని మనవాళ్ళ లెక్క.

సెప్టెంబర్ పుస్తకంలో జమ రాసి కోసింది అక్టోబర్ 7లోపు కట్టాలి, కట్టేశాక సరిచెయ్యడం వాళ్ళకే తలనొప్పి. అందుకే 4వ తారీఖునే, నా పాన్ మీద ఎవరెంత పన్ను కట్టారో చూపించే 26ఏఎస్ ప్రింట్ తీసుకుని భీమవరం బస్సెక్కాను, వీరవాసరం దాకా నిలబడే వెళ్ళాను. జూన్ క్వార్టర్ టీడీఎస్ రిటర్న్ వాళ్ళు జూలై ఆఖరుకే వేసేశారు కాబట్టి అందులో వాళ్ళ పేరు మీద 20,000, పక్కన 2,000 చక్కగా కనపడతన్నాయి. అకౌంటెంట్ గారు కళ్ళజోడు పైకెత్తి చూసి, "ఓహో, అది మనమే కట్టామా" అన్నారు.

మీరూ ముందు ఒక్కటి చూసుకోండి. అడ్వాన్స్‌తో కలిపి ఇప్పటిదాకా మీ చేతికొచ్చింది మొత్తం బిల్లులో తొంభై శాతం ఉండాలి, నాకైతే 60,750. పది శాతం కోతైతేనే ఈ లెక్క, పాన్ ఇవ్వకపోతే ఇరవై కోస్తారు. తొంభైకన్నా తగ్గితే 26ఏఎస్ తెరవండి.

ఆ 2,000 సాయంత్రానికే బ్యాంకులో పడింది. పక్కన ఏం రాశారో తెలుసా, "అడ్వాన్స్" అని. మళ్ళీ ఫోన్ చేశాను.